దియా పక్కన ఉన్నది షష్ఠా, ద్వితీయా?

*బైబిల్ కాలేజీలో గ్రీకు రెండో సంవత్సరం చదువుతున్నాను. హెబ్రీయులకు 2:10లో దియా అనే ప్రిపొజిషన్ వెంట వెంటనే రెండుసార్లు వస్తుంది. తెలుగు బైబిల్లో ఒకచోట "నిమిత్తము" అని, ఇంకోచోట "వలన" అని ఉంది. నేను రెండుచోట్లా "వల్ల" అని రాస్తే మార్కులు పోయాయి. మాట అదే అయినప్పుడు అర్థం ఎలా మారుతుంది? మెత, హుపొ లాంటివి కూడా ఇంతేనట. అన్నీ బట్టీ పట్టడమేనా? పరీక్ష దగ్గరికొస్తోంది, టెన్షన్‌గా ఉంది.*
*– ఒక విద్యార్థి, గుంటూరు జిల్లా*

మీ మార్కులు పోయింది గ్రీకు రాక కాదు, తెలుగులో "వల్ల" అనే మాటకు రెండు పనులు ఉండటం వల్ల. ఇప్పుడు నేను రాసిన ఈ వాక్యంలోనే చూడండి, "వల్ల" అంటే కారణం. అదే "మా మేనమామ వల్ల ఉద్యోగం వచ్చింది" అన్నామనుకోండి. ఆయన వెళ్ళి మాట్లాడి ఇప్పించాడా, లేక ఆయన పేరు చూసి ఎవరో ఇచ్చారా? మొదటిదైతే ఆయన పని జరిపించిన మనిషి. రెండోదైతే ఆయన కారణం మాత్రమే, చెయ్యి పెట్టలేదు. తెలుగు ఈ రెంటినీ ఒకే మాటలో ఉంచుతుంది, సందర్భాన్ని బట్టి మనం అర్థం చేసుకుంటాం. గ్రీకు ఆ తేడాను దియా పక్కనున్న నామవాచకం విభక్తిలో చూపిస్తుంది. షష్ఠి, అంటే మీ క్లాసులో జెనిటివ్ అనేది వస్తే "ద్వారా". ద్వితీయ, అంటే అక్యూజెటివ్ వస్తే "నిమిత్తం".

"నిమిత్తం" అనే మాటను కావాలనే ఎంచుకున్నాను, ఎందుకో కాసేపట్లో చెబుతాను. ముందు మీరు అడిగిన "ఎలా మారుతుంది" అన్న ప్రశ్న చూద్దాం.

ఇది గ్రీకుకే ఉన్న వింత కాదు, మనం రోజూ చేసే పనే. "నా ముందు వచ్చాడు" అంటే నా ఎదురుగా వచ్చాడని. "నాకంటే ముందు వచ్చాడు" అంటే నేను రాకమునుపే వచ్చాడని. "ముందు" మాత్రం మారలేదు. దాని పక్కన "నేను" అనే మాట ఏ రూపంలో ఉందో అది మారింది, దాంతో స్థలం కాస్తా కాలం అయిపోయింది. తెలుగులో ఆ మాట నామవాచకం తర్వాత వస్తుంది, గ్రీకులో ముందు వస్తుంది. అర్థం తేల్చేది మాత్రం రెండు భాషల్లోనూ జంటే, ఒంటరి మాట కాదు. అందుకే "దియా అంటే ఏమిటి" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. "దియాతో షష్ఠి అంటే ఏమిటి" అని అడిగితే ఉంది.

చరిత్ర చూసినా విషయం ఇదే. ఈ ప్రిపొజిషన్లు మొదట్లో స్వతంత్రమైన క్రియావిశేషణాలు. స్థలాన్నీ దిశనూ చెప్పే పని చాలావరకు విభక్తులదే, ఈ చిన్న మాటలు పక్కన చేరి ఆ అర్థానికి పదును పెట్టేవి. హోమర్ కాలానికి ఇంకా ఆ జాడ కనిపిస్తుంది. ఇలియడ్ పదో కాండలో ఒదుస్సెయుస్, దియొమేదేస్ శత్రు శిబిరం వైపు రెండు సింహాల్లా వెళ్తుంటారు, "దియా నుక్త మెలైనన్", నల్లని రాత్రిలోంచి. అక్కడున్నది ద్వితీయ, అర్థం మాత్రం "గుండా". అంటే పాత కవిత్వంలో ద్వితీయతో కూడా ఆ అర్థం వచ్చేది. తర్వాతి గద్యంలో "గుండా", "ద్వారా" అన్నవి షష్ఠికి, "కారణంగా", "కోసం" అన్నవి ద్వితీయకు స్థిరపడ్డాయి. కొత్త నిబంధనలో దియా 600కు పైగా సార్లు వస్తుంది. పాత వాడుక మిగిలిన చోటు లూకా 17:11 ఒక్కటి చెప్పుకోవచ్చు. యేసు సమరయ, గలిలయల మధ్యగా వెళ్తుంటే "దియా మెసొన్" అని ద్వితీయలో ఉంటుంది. అది మినహాయింపు, దాన్ని చూసి నియమం మీద అనుమానపడకండి.

ఇక అసలు పని, విభక్తిని గుర్తుపట్టడం. ఇక్కడ తెలుగువాళ్ళకు ఒక సౌకర్యం ఉంది, దాన్ని మనం సరిగ్గా వాడుకోవడం లేదు. గ్రీకులో ఎప్సిలోన్, ఏత వేరు. ఒమిక్రోన్, ఒమేగ వేరు. అచ్చం మన ఎ, ఏ, ఒ, ఓ లాగే. కాబట్టి నోట్సు తెలుగు లిపిలో రాసుకుంటే తేడా కంటికి కనిపిస్తుంది. నామవాచకం ముందు వచ్చే ఆర్టికల్ "తొన్" అని హ్రస్వంగా ఉంటే పుంలింగ ఏకవచనం, ద్వితీయ. "తోన్" అని దీర్ఘంగా ఉంటే బహువచనం, షష్ఠి. ఒక్క దీర్ఘం తేడాతో "అతని నిమిత్తం" కావలసింది "వాళ్ళ ద్వారా" అయిపోతుంది. మిగతావి సులువే. తూ, తేస్ అంటే షష్ఠి. తేన్ అంటే ద్వితీయ. దియా తర్వాత ముందుగా ఆర్టికల్ కోసం వెతకండి, నామవాచకం చివర చూడటం తర్వాత. కష్టమైన నామవాచకాలు చాలా ఉంటాయి గానీ ఆర్టికల్ రూపాలు కొన్నే.

నపుంసకలింగంలో కొంచెం ఆగాలి, ఎందుకంటే అక్కడ ప్రథమ, ద్వితీయ ఒకేలా ఉంటాయి. "దియా తూతొ" చూసి "తూతొ ప్రథమ కదా" అని తికమకపడేవాళ్ళున్నారు. దియా పక్కన ప్రథమ రాదు, కాబట్టి అది ద్వితీయే. "ఇందు నిమిత్తం", అంటే "కాబట్టి". ఇదే షష్ఠి అయితే "దియా తూతూ" అయ్యేది, "దీని ద్వారా" అని.

ఇంకో అలవాటు కూడా మానాలి. షష్ఠి అనగానే "యొక్క", ద్వితీయ అనగానే "ను" అని మనకు మొదటి సంవత్సరంలో నూరిపోస్తారు. ప్రిపొజిషన్ వచ్చాక ఆ అర్థాలను పక్కన పెట్టేయాలి. "ఆయన యొక్క ద్వారా" అని రాసిన జవాబు పత్రాలు చాలా చూశాను. అక్కడ షష్ఠి యజమానిని చూపించడం లేదు, దియాకు జంటగా నిలబడింది, అంతే.

ఇప్పుడు మీ వచనానికి వద్దాం. దేవుని గురించి చెబుతూ రచయిత ఇలా అంటాడు: "ది హొన్ త పంత కై ది హూ త పంత". అచ్చు ముందు దియాలో చివరి అచ్చు పడిపోయి "ది" మిగిలింది. దానివల్ల విభక్తికి వచ్చిన నష్టమేమీ లేదు. "త పంత" అంటే సమస్తమూ, "కై" అంటే మరియు. క్రియ లేదు, మనమే ఊహించుకోవాలి. రెండు సగాలూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే, ఒక్క చోట తప్ప. మొదటిదానిలో హొన్, రెండోదానిలో హూ. రెండూ "ఎవరు" అనే సంబంధ సర్వనామం రూపాలే. హొన్ ద్వితీయ, హూ షష్ఠి. కనుక మొదటిది "ఎవరి నిమిత్తం సమస్తమూ ఉన్నాయో", రెండోది "ఎవరి ద్వారా సమస్తమూ ఉన్నాయో". ఒకటి సృష్టి ఎందుకు ఉందో చెబుతుంది, రెండోది ఎవరు చేస్తే ఉందో చెబుతుంది.

రెండుచోట్లా "వల్ల" అని మీరు రాసినప్పుడు రచయిత రెండు మాటలు చెబితే మీరు ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టయింది. మార్కులు అక్కడ పోయాయి. తెలుగు బైబిల్లో రెండోచోట ఉన్న "వలన" తప్పు కాదు. పక్కన "నిమిత్తము" ఉంది కాబట్టి "వలన"కు కర్త అనే అర్థమే నిలుస్తుంది. మీరు ఆ పక్కమాటను తీసేయడంతో ఆ ఆసరా పోయింది.

అదే వచనాన్ని ఇంకొంచెం ముందుకు చదవండి. అక్కడ మూడో దియా ఉంది, చాలామంది గమనించరు: "దియా పథేమతోన్". ఆర్టికల్ లేదు, అయినా చివర "ఓన్" అని దీర్ఘం ఉంది కాబట్టి షష్ఠి బహువచనం. "శ్రమల ద్వారా". శ్రమల కారణంగా అని కాదు, శ్రమలే దారిగా, సాధనంగా అని. ఒకే వాక్యంలో మూడు దియాలు: ఒకటి ఉద్దేశం, ఒకటి కర్త, ఒకటి సాధనం. మీరు పరీక్షకు ఈ ఒక్క వచనం పూర్తిగా విడదీసి రాయగలిగితే దియా మీకు చాలావరకు వచ్చినట్టే.

సొంతంగా సరిచూసుకోవడానికి 1 కొరింథీయులకు 11వ అధ్యాయం తెరవండి. తొమ్మిదో వచనంలో పురుషుడు "దియా తేన్ గునైక" సృష్టింపబడలేదు, స్త్రీయే "దియా తొన్ అంద్ర" అని ఉంటుంది. తేన్, తొన్, రెండూ ద్వితీయలు. స్త్రీ నిమిత్తం, పురుషుని నిమిత్తం. మూడు వచనాలు దాటి పన్నెండులో పురుషుడు "దియా తేస్ గునైకొస్" అని వస్తుంది. ఇప్పుడు తేస్, షష్ఠి. స్త్రీ ద్వారా, అంటే తల్లి కడుపున పుట్టి. తొమ్మిదిలో కాదన్నదాన్నే పన్నెండులో అవునన్నాడేమిటని విభక్తి చూడని పాఠకుడికి అనిపిస్తుంది. అసలు రెండు వేర్వేరు సంగతులు: స్త్రీ కోసం పురుషుడు కలగలేదు, కానీ ప్రతి పురుషుడూ స్త్రీ ద్వారానే వస్తాడు. రెండో మాట మొదటిదాన్ని కొట్టేయదు, దాన్ని అడ్డుపెట్టుకుని ఎవరూ గర్వపడకుండా తూకం వేస్తుంది. తేన్, తేస్ మధ్య ఒక్క హల్లు తేడా. పౌలు వాదన మొత్తం దాని మీద నిలబడింది.

ఇక "నిమిత్తం" ఎందుకన్నానో చెబుతాను. దియాతో ద్వితీయ వచ్చినప్పుడు కారణం వెనక ఉండొచ్చు, ముందూ ఉండొచ్చు. జరిగిపోయినదాని కారణంగా ఒక పని చేయొచ్చు, జరగవలసినదాని కోసమూ చేయొచ్చు. రోమీయులకు 4:25 చూడండి. యేసు "దియా త పరప్తోమత" అప్పగింపబడ్డాడు, "దియా తేన్ దికైయోసిన్" లేపబడ్డాడు. రెండూ ద్వితీయలే. మొదటిది మన అపరాధాలు, అవి అప్పటికే ఉన్నాయి, వాటి కారణంగా. రెండోది మనం నీతిమంతులుగా తీర్చబడటం, దాన్ని చాలామంది ముందు జరగాల్సినదిగా తీసుకుంటారు, దానికోసం. తెలుగు బైబిల్ మొదటిచోట "నిమిత్తము" అని, రెండోచోట "తీర్చబడుటకై" అని ఆ దారినే వెళ్ళింది. అక్కడ విభక్తి ఇచ్చే సాయం అయిపోయింది, మిగిలింది సందర్భమే తేల్చాలి. వ్యాఖ్యాతలు ఈ వచనం మీద వాదించుకునేది కూడా అందుకే. "నిమిత్తం" అనే మన మాట రెండు వైపులా చూస్తుంది. "అనారోగ్య నిమిత్తం సెలవు" అంటాం, "పెళ్ళి నిమిత్తం సెలవు" అనీ అంటాం. మొదటి చిత్తుప్రతిలో ద్వితీయకు ఎప్పుడూ "నిమిత్తం" అని రాసుకోండి. తర్వాత తీరిగ్గా "కారణంగా" అవ్వాలో "కోసం" అవ్వాలో చూసుకోవచ్చు.

షష్ఠి వైపు కూడా ఒక హెచ్చరిక. కాలం చెప్పే మాట పక్కన ఉంటే "ద్వారా" పనికిరాదు. గలతీయులకు 2:1లో "దియా దెకతెస్సరోన్ ఎతోన్" అంటే పద్నాలుగేళ్ళ ద్వారా కాదు, పద్నాలుగేళ్ళు గడిచాక. ఆ కాలం గుండా ప్రయాణించి అవతలి ఒడ్డుకు వచ్చాక అన్న ఊహ అది.

మనిషి పేరు షష్ఠిలో వస్తే మాత్రం "ఇతను మధ్యవర్తి, అసలు కర్త వేరే" అని తొందరపడి సిద్ధాంతం కట్టకండి. మత్తయి 1:22లో ఆ లెక్క చక్కగా కుదురుతుంది. మాట "హుపొ కురియూ", ప్రభువు చేత పలకబడింది, "దియా తూ ప్రొఫేతూ", ప్రవక్త ద్వారా. పలికినవాడు ఒకడు, నోరు ఇంకొకడిది. కానీ మీరు అడిగిన హెబ్రీయులకు 2:10లో "ది హూ" అన్నది దేవుని గురించే, ఆయన వెనక ఇంకో కర్త లేడు. 1 కొరింథీయులకు 1:9లో కూడా మనల్ని పిలిచిన దేవుని గురించి అదే "ది హూ" వాడారు. అంటే షష్ఠి చెప్పేది "పని వీరి గుండా జరిగింది" అని మాత్రమే. వీరికి పైన ఇంకెవరైనా ఉన్నారా అన్నది వాక్యంలో వేరే మాట చెప్పాలి.

మిగతా ప్రిపొజిషన్ల సంగతి మీరు భయపడినంత లేదు. ఎన్, ఎయిస్, ఎక్ లాంటివి ఒకే విభక్తితో వస్తాయి, వాటి దగ్గర ఈ సమస్యే లేదు. రెండేసి విభక్తులతో వచ్చేవాటిని ఒక్కో చిన్న వాక్యంతో గుర్తుపెట్టుకోండి, అర్థాల జాబితాతో కాదు. మెతకు షష్ఠి అయితే "తోపాటు", ద్వితీయ అయితే "తర్వాత": "మెత్ ఆవుతూ" అంటే అతనితో, మార్కు 8:31లో "మెత త్రెయిస్ హేమెరస్" అంటే మూడు దినాల తర్వాత. హుపొకు షష్ఠి అయితే "చేత", ద్వితీయ అయితే "కింద": ఇందాకటి "హుపొ కురియూ" ఒకటి, రోమీయులకు 6:14లోని "హుపొ నొమొన్", ధర్మశాస్త్రం కింద, ఇంకొకటి. మూడు విభక్తులతో వచ్చే పర, ఎపి ఈ పరీక్ష అయ్యాక చూసుకోండి, ఇప్పుడు కలిపేసుకుంటే దియా కూడా చెదిరిపోతుంది.

ఇంత చిన్న అక్షరాల మీద ఇంత పట్టింపు అవసరమా అని క్లాసులో ఎవరైనా అంటే రోమీయులకు 8:11 చివరి భాగం చూపించండి. చావుకు లోనైన శరీరాలను దేవుడు బతికిస్తాడు, ఆత్మకూ దానికీ సంబంధం ఏమిటి? అక్కడ ప్రాచీన ప్రతులే రెండుగా చీలాయి. నాలుగో శతాబ్దపు సీనాయి ప్రతిలో "దియా తూ ఎనొయ్‌కూంతొస్ ఆవుతూ ప్నెవ్మతొస్" అని షష్ఠి. అదే శతాబ్దపు వాటికన్ ప్రతిలో "దియా తొ ఎనొయ్‌కూన్ ఆవుతూ ప్నెవ్మ" అని ద్వితీయ. మీలో నివసిస్తున్న తన ఆత్మ ద్వారా బతికిస్తాడని ఒకటి, మీలో తన ఆత్మ నివసిస్తున్నాడు గనుక బతికిస్తాడని ఇంకొకటి. మొదటిదానిలో ఆత్మ బతికించే పనిలో ఉన్నాడు, రెండోదానిలో ఆయన ఉనికి బతికించడానికి కారణం. మన తెలుగు బైబిల్ "తన ఆత్మద్వారా" అని షష్ఠి పాఠాన్ని తీసుకుంది.

ఈ వచనంలో విద్యార్థులు పడే గుంట ఒకటుంది. "ఆవుతూ" రెండు పాఠాల్లోనూ షష్ఠిలోనే ఉంది. వాటికన్ పాఠం చదువుతూ "ఆవుతూ ఉంది కదా, షష్ఠి" అని "ద్వారా" రాసేస్తారు. ఆ ఆవుతూ దియాకు సంబంధించినది కాదు, అది ఆత్మకు వేలాడుతోంది, "తన ఆత్మ" అని. దియా పట్టుకున్నది ప్నెవ్మను. కాబట్టి దియా కనబడగానే దాని పక్కనున్న మొదటి షష్ఠి దగ్గర ఆగిపోకుండా, ఆర్టికల్ నుంచి గీత గీసుకుంటూ దానికి చెందిన నామవాచకం దాకా వెళ్ళండి. తూ నుంచి ప్నెవ్మతొస్ దాకా, లేదా తొ నుంచి ప్నెవ్మ దాకా. ఆ గీత రెండు కొసల్లో విభక్తి ఒకటే అయితే మీరు సరైన మాట పట్టుకున్నట్టు.